ముప్పై వేల పుస్తకాలు ఆలస్యం చేయడమే లాభం

నోటు పుస్తకాలు తయారుచేసే వాళ్లకు ఏడాదంతా ఒక ఎత్తు, మే, జూన్ నెలలు ఒక ఎత్తు. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఆ నెల రోజుల్లో ప్రతి బడికీ సరుకు కావాలి, ప్రతి హెడ్మాస్టరూ ఫోన్ చేస్తాడు. రూళ్లు కొట్టే మిషన్‌కు మాత్రం జూన్ అయినా మార్చి అయినా ఒకటే వేగం. కాబట్టి యజమాని ముందు మూడు దారులుంటాయి. మార్చి నుంచే చేసి గోడౌన్‌లో పేర్చుకోవడం మొదటిది. అప్పటికప్పుడు ఓవర్‌టైమ్ పెట్టించి చేయించడం రెండోది. కొన్ని బడులను బతిమాలి నెల తర్వాత ఇవ్వడం మూడోది. మూడూ డబ్బుతో పనే. దేన్ని ఎంత మేరకు వాడాలన్నదే ప్రశ్న.

చాలామంది దీన్ని అనుభవంతో తేలుస్తారు. అనుభవం తక్కువదేమీ కాదు. కానీ మూడు దారులు ఐదు నెలల మీదుగా ఒకదానితో ఒకటి పెనవేసుకున్నప్పుడు ఎంత అనుభవజ్ఞుడి అంచనా అయినా కాస్త పక్కకు పోతుంది. అమెరికా గణితవేత్త జార్జ్ డాంట్జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతిని రూపొందించాక ఇలాంటి లెక్కలకు కచ్చితమైన జవాబు దొరకడం మొదలైంది. ఆ లెక్కనే లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు. పేరులో ప్రోగ్రామింగ్ ఉన్నా దానికీ కంప్యూటర్ కోడ్‌కూ సంబంధం లేదు. ఇక్కడ ఆ మాటకు అర్థం పనుల ప్రణాళిక.

ఒక చిన్న ఫ్యాక్టరీని ఊహించుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే, లెక్క మాత్రం నిజమైనదే. మామూలు షిఫ్టులో నెలకు 70 వేల పుస్తకాలు వస్తాయి. ఓవర్‌టైమ్ పెడితే ఇంకో 20 వేల దాకా తీయొచ్చు. చేతికొచ్చిన ఆర్డర్లు మార్చికి 20 వేలు, ఏప్రిల్‌కు 40 వేలు, మేకు 1,10,000, జూన్‌కు 1,50,000, జూలైకి 40 వేలు. మొత్తం 3,60,000 పుస్తకాలు. మార్చి మొదట్లో గోడౌన్ ఖాళీ.

ఇక ఖర్చులు. ఒక పుస్తకానికి కాగితం, అట్ట, పిన్నులు, కరెంటు కలిపి 17 రూపాయలు, కూలి 3 రూపాయలు. మొత్తం 20. ఓవర్‌టైమ్‌కు చట్టం ప్రకారం రెట్టింపు కూలి ఇవ్వాలి కాబట్టి అప్పుడు చేసిన పుస్తకం 23 రూపాయలకు పడుతుంది. నెలాఖరుకు అమ్ముడుపోకుండా మిగిలిన ప్రతి పుస్తకానికీ ఆ నెలకు 80 పైసలు నిల్వ ఖర్చు. ఈ 80 పైసలు గాల్లోంచి రాలేదు. పుస్తకంలో ఇరుక్కున్న 20 రూపాయలకు ఏడాదికి 12 శాతం వడ్డీ కడితే నెలకు 20 పైసలు. గోడౌన్ అద్దె, హమాలీ కలిసి 40 పైసలు. చెమ్మ పట్టి వంగిపోయే అట్టలకు, ఎలుకల పాలయ్యే కట్టలకు మిగతా 20. చివరగా ఆలస్యం ఖర్చు. ఆర్డర్ ఉన్న నెలలో ఇవ్వలేక తర్వాతి నెలలో ఇస్తే పుస్తకానికి, నెలకు 2 రూపాయలు. బడికి ఇచ్చే తగ్గింపు, విడిగా ఆటో వేసి పంపే కిరాయి అందులో ఉన్నాయి. ఇలా బాకీ పడ్డ ఆర్డర్లనే వ్యాపార భాషలో బ్యాకార్డర్లు అంటారు.

ఈ కథనంతా లెక్కలోకి ఎక్కించడానికి ఒకే ఒక్క రకం సమీకరణం చాలు. నిన్నటి నిల్వకు ఈ నెల తయారైనది కలిపి, ఈ నెల ఆర్డర్లు తీసేస్తే మిగిలేది రేపటికి నిల్వ. చిక్కల్లా ఆ మిగిలేది సున్నా కంటే తక్కువైతేనే. అప్పుడు అది నిల్వ కాదు, మనం బడులకు ఉన్న బాకీ. నిల్వ ఉంటే 80 పైసలు, బాకీ ఉంటే 2 రూపాయలు. అంటే ఒకే అంకెకు గుర్తును బట్టి రెండు రేట్లు. లీనియర్ ప్రోగ్రామింగ్‌లో "ఇలా అయితే ఒక రేటు, అలా అయితే ఇంకో రేటు" అనే షరతులకు చోటు లేదు. అందుకని ఆ ఒక్క అంకెను రెండుగా చీలుస్తారు. నిల్వకు `I`, బాకీకి `B`. రెండూ సున్నాకు తగ్గకూడదు.

```
I[t-1] - B[t-1] + R[t] + O[t] - d[t] = I[t] - B[t]
```

ఇందులో `t` నెల, `R` మామూలు షిఫ్టులో చేసినవి, `O` ఓవర్‌టైమ్‌లో చేసినవి, `d` ఆర్డర్లు. నెలకు ఒకటి చొప్పున ఇలాంటివి ఐదు సమీకరణాలు. వాటికి తోడు `R` 70 వేలు దాటకూడదు, `O` 20 వేలు దాటకూడదు. ఈ హద్దుల్లో ఉంటూ మొత్తం ఖర్చు వీలైనంత తగ్గాలి.

ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం రావాలి. ఒకే నెలలో గోడౌన్‌లో 10 వేలు ఉంచుకుని, బడులకు 10 వేలు బాకీ ఉన్నట్టు చూపిస్తే సమీకరణం ఒప్పుకుంటుంది కదా? ఒప్పుకుంటుంది. కానీ అలా చేస్తే రెండు వైపులా డబ్బు పోతుంది. ఖర్చు తగ్గించమన్నాం కాబట్టి లెక్క తనంతట తానే రెండింట్లో ఒకదాన్ని సున్నా చేస్తుంది. విడిగా షరతు రాయనక్కర్లేదు. వచ్చిన జవాబులో ఏ నెలైనా `I`, `B` రెండూ సున్నా కంటే ఎక్కువ కనిపిస్తే, ఆ నెల ఖర్చు గడుల్లో సున్నానో తప్పుడు గుర్తో పడిందని వెంటనే పోల్చుకోవచ్చు.

దీన్ని పరిష్కరించడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. Excelలో Solver తెరిచి, `Simplex LP` ఎంచుకుంటే క్షణంలో తేలుతుంది. అంతకుముందు ఒక్క ఉచ్చు చెప్పాలి. ఇందులో పడేవాళ్లు చాలామంది.

పైన చెప్పినవి మాత్రమే రాసి పరిష్కరిస్తే, ఐదు నెలలూ ఒక్క పుస్తకం కూడా చేయవద్దని జవాబు వస్తుంది! ఫ్యాక్టరీకి తాళం వేయమంటుంది. లెక్క చెడిపోలేదు, మనం అడిగిన ప్రశ్నకే జవాబిచ్చింది. పుస్తకం చేస్తే 20 రూపాయలు ఖర్చు. చేయకుండా మార్చి ఆర్డర్‌ను జూలై చివరిదాకా బాకీ పెట్టినా ఐదు నెలలకు 10 రూపాయలే. అన్నీ బాకీ పెట్టేస్తే మొత్తం 18,60,000 రూపాయలతో పోతుంది, పుస్తకాలు చేస్తే 70 లక్షలు దాటుతుంది. మన కాగితం మీద జూలైతో లోకం అంతమైపోతుంది కాబట్టి ఆ తర్వాత బడులు వచ్చి గొడవ చేస్తాయన్న సంగతి లెక్కకు తెలియదు. అందుకే జూలై చివర బాకీ సున్నా కావాలని ఒక షరతు రాయాలి. ఆగస్టుకు కొంత సరుకు చేతిలో ఉండాలనుకుంటే జూలై చివరి నిల్వ ఇంతకు తగ్గకూడదని అదీ రాయాలి. రాయకపోతే గోడౌన్ ఊడ్చిపెట్టి వెళ్తుంది.

ఆ షరతు పెట్టాక వచ్చిన ప్రణాళిక ఇది. అంకెలు వేలల్లో.

| నెల | ఆర్డర్లు | మామూలు షిఫ్టు | ఓవర్‌టైమ్ | నెలాఖరు నిల్వ | బాకీ |
|---|---|---|---|---|---|
| మార్చి | 20 | 70 | 0 | 50 | 0 |
| ఏప్రిల్ | 40 | 70 | 0 | 80 | 0 |
| మే | 110 | 70 | 0 | 40 | 0 |
| జూన్ | 150 | 70 | 10 | 0 | 30 |
| జూలై | 40 | 70 | 0 | 0 | 0 |

3,60,000 పుస్తకాలకు ఎలాగూ తప్పని ఖర్చు 72 లక్షలు. దాన్ని పక్కనపెడితే మన నిర్ణయాల వల్ల పడే భారం మూడు ముక్కలు. నిల్వకు 1,36,000, జూన్ ఓవర్‌టైమ్‌కు అదనంగా 30,000, ఆలస్యానికి 60,000. మొత్తం 2,26,000 రూపాయలు.

జూన్ గడిని చూడండి. ఓవర్‌టైమ్‌లో ఇంకో 10 వేలు చేసే వీలుంది. అయినా లెక్క దాన్ని ముట్టుకోకుండా 30 వేల పుస్తకాలను జూలైకి నెట్టింది. కారణం సులువే. ఓవర్‌టైమ్‌కు అదనంగా 3 రూపాయలు, నెల ఆలస్యానికి 2 రూపాయలు. జూలైలో మామూలు షిఫ్టు సగం ఖాళీగా ఉంటుంది. మరి ఆ 10 వేల ఓవర్‌టైమ్ ఎందుకు? ఐదు నెలల మామూలు షిఫ్టులన్నీ కలిపినా 3,50,000 మించవు. 10 వేలు ఎక్కడో ఒకచోట ఓవర్‌టైమ్‌లో చేయక తప్పదు. మేలో చేస్తే నిల్వ ఖర్చు తోడవుతుంది, జూలైలో చేస్తే ఆలస్యం ఖర్చు తోడవుతుంది. జూన్‌లో ఏదీ తోడవదు.

మాట తప్పడం ఇష్టంలేని యజమాని ఒక్క పుస్తకం కూడా ఆలస్యం కాకూడదంటాడనుకోండి. అప్పుడు మే, జూన్ రెండింట్లోనూ పూర్తి ఓవర్‌టైమ్ పెట్టాలి. జూలైలో షిఫ్టు 30 వేల మేరకు ఖాళీగా పోతుంది. భారం 2,72,000 అవుతుంది. తేడా 46,000 రూపాయలు. ఆ మాట నిలబెట్టుకోవడానికి అది ఎక్కువో తక్కువో లెక్క చెప్పదు. ధర ఎంతో మాత్రం చెబుతుంది. దీనికి విరుద్ధంగా "ఏ నెల ఆర్డర్ ఆ నెలలోనే చేద్దాం, ముందుగా నిల్వ ఎందుకు" అనేవాళ్లూ ఉంటారు. వాళ్ల దారిలో వెళ్తే మే, జూన్, జూలైల్లో ఓవర్‌టైమ్ మొత్తం వాడినా జూలై చివరకు ఇంకా 30 వేల పుస్తకాలు ఇవ్వాల్సే ఉంటుంది. మార్చిలో ఖాళీగా పోయిన షిఫ్టును జూన్‌లో ఎంత డబ్బు పోసినా కొనలేం.

ఇప్పుడు అసలైన తగువుకు వద్దాం. కాగితం ధర బిల్లులో ఉంటుంది, కూలి రేటు రిజిస్టర్లో ఉంటుంది. ఆలస్యానికి 2 రూపాయలని ఎక్కడ రాసి ఉంది? తగ్గింపు, ఆటో కిరాయి లెక్కపెట్టొచ్చు. వచ్చే ఏడాది ఆ బడి వేరే చోటికి వెళ్లిపోతే జరిగే నష్టాన్ని ఎలా లెక్కపెడతాం? నిజం చెప్పాలంటే ఈ లెక్కల్లో అందరూ గుడ్డిగా వేసే అంకె ఇదే. దీనివల్లే చాలామంది మొత్తం పద్ధతినే పక్కన పెట్టేస్తారు. అది తొందరపాటు. ఆ అంకె కచ్చితంగా తెలియాల్సిన పని లేదు.

ఆలస్యం ఖర్చును కొంచెం కొంచెంగా పెంచుతూ మళ్లీ మళ్లీ పరిష్కరించి చూడండి. 2 రూపాయలు కాస్తా రెండున్నర అయినా ప్రణాళికలో ఒక్క గడి కూడా కదలదు. 3 రూపాయలు దాటగానే ఒక్కసారిగా మారుతుంది. జూన్ ఓవర్‌టైమ్ 20 వేలకు చేరి, బాకీ 20 వేలకు దిగుతుంది. ఆ తర్వాత మళ్లీ కదలదు. 3 రూపాయల 80 పైసలు దాటగానే మే నెలలో కూడా పూర్తి ఓవర్‌టైమ్ వచ్చి బాకీ సున్నా అవుతుంది. ఆ 3.80 ఏమిటంటే ఓవర్‌టైమ్ 3 రూపాయలకు ఒక నెల నిల్వ 80 పైసలు కలిసిన మొత్తం. లీనియర్ ప్రోగ్రామ్ జవాబు మెట్లు మెట్లుగా మారుతుంది, జారుడుబల్లలా కాదు. కాబట్టి యజమాని తేల్చుకోవాల్సింది తన ఆలస్యం ఖర్చు సరిగ్గా ఎంత అన్నది కాదు. అది 3 రూపాయల కంటే తక్కువా, 3.80 కంటే ఎక్కువా, మధ్యలోనా? ఈ ప్రశ్నకు ఇరవై ఏళ్లు వ్యాపారం చేసిన మనిషి తడుముకోకుండా జవాబు చెప్పగలడు.

Solver జవాబుతో పాటు `Sensitivity Report` అని ఇంకో కాగితం ఇస్తుంది. అందులో `Shadow Price` అనే నిలువు వరుస ఉంటుంది. ఏదైనా హద్దును ఒక్క మెట్టు సడలిస్తే మొత్తం ఖర్చు ఎంత మారుతుందో అది చెబుతుంది. మన ఫ్యాక్టరీలో మామూలు షిఫ్టులో ఇంకో పుస్తకం చేయగలిగితే మార్చిలో 60 పైసలు, ఏప్రిల్‌లో 1.40, మేలో 2.20, జూన్‌లో 3 రూపాయలు మిగులుతాయి, జూలైలో ఒక రూపాయి. మార్చి నుంచి జూన్ దాకా నెలనెలా 80 పైసల చొప్పున పెరుగుతోంది, అది సరిగ్గా నిల్వ ఖర్చే. జూన్ నుంచి జూలైకి సరిగ్గా 2 రూపాయలు తగ్గింది, అది ఆలస్యం ఖర్చు. నాకు ఈ వరుస ప్రణాళిక కంటే ఎక్కువ నచ్చుతుంది. సెలవు అడిగిన మిషన్ ఆపరేటర్‌ను ఏ నెలలో పంపాలో, మిషన్ సర్వీసింగ్ ఎప్పుడు పెట్టుకోవాలో ఇక్కడే తెలిసిపోతుంది.

గోడౌన్ సంగతీ ఇంతే. పైన ఏప్రిల్ చివర 80 వేల పుస్తకాలు పేర్చాం. నిజానికి గోడౌన్‌లో 60 వేలే పడతాయనుకుందాం. ప్రతి నెలా నిల్వ 60 వేలు దాటకూడదని ఇంకో హద్దు రాస్తే ప్రణాళిక మారుతుంది. మార్చిలో 50 వేలే చేసి, పోయిన 20 వేలను మేలో 10 వేలు, జూన్‌లో ఇంకో 10 వేలు ఓవర్‌టైమ్‌గా రాబట్టుకుంటుంది. భారం 2,46,000కు పెరుగుతుంది. అంటే 20 వేల పుస్తకాల చోటు లేకపోవడం వల్ల పోయేది 20,000 రూపాయలు. కానీ సమానంగా పోవడం లేదు. మొదటి 10 వేల పుస్తకాల చోటు దొరికితే పుస్తకానికి 1.40 మిగులుతుంది, తర్వాతి 10 వేలకు 60 పైసలే. పక్కనున్న షెడ్డు అద్దెకు అడిగేటప్పుడు ఈ రెండు అంకెలూ జేబులో ఉండాలి. పైగా చోటు ఇరుకయ్యేది ఏప్రిల్ చివర ఒక్కసారే. ఏడాది అగ్రిమెంటు రాసుకోనక్కర్లేదు.

ఈ లెక్కకు కనిపించనివీ ఉన్నాయి. మొదటిది, ఆలస్యం ఎంత పెరిగినా నెలకు అదే 2 రూపాయలని అనుకున్నాం. బడివాళ్లు మొదటి నెల ఓర్చుకుంటారు, రెండో నెల ఓర్చుకోరు. దీనికి దారి ఉంది. ఎడ్వర్డ్ బోమన్ 1956లో ఉత్పత్తి ప్రణాళికను రవాణా సమస్యగా రాసి చూపించాడు. తయారయ్యే నెల సరుకు బయల్దేరే ఊరు, అమ్ముడయ్యే నెల చేరాల్సిన ఊరు. మార్చిలో చేసి జూన్‌లో ఇస్తే ఒక కిరాయి, జూలైలో చేసి మే ఆర్డర్ తీరిస్తే ఇంకో కిరాయి. ఇలా రాస్తే ఏ జంటకు ఎంత ఖర్చన్నది మన ఇష్టం. రెండో నెల ఆలస్యానికి 2 బదులు 6 రూపాయలు వేసినా లెక్క లీనియర్‌గానే ఉంటుంది. అసలు ఓర్చుకోని కొనుగోలుదారులూ ఉంటారు. ఫ్యాన్సీ షాపుకు వచ్చిన తల్లి పుస్తకం లేదంటే పక్క షాపులో కొంటుంది, జూలైలో తిరిగి రాదు. అది బాకీ కాదు, పోయిన అమ్మకం. దానికి వేరే అక్షరం, వేరే ఖర్చు పెట్టాలి. బడుల ఆర్డర్లనూ షాపుల ఆర్డర్లనూ ఒకే `B`లో కలిపేస్తే జవాబు కాగితం మీద ముచ్చటగా ఉంటుంది, జూలైలో ఆ సరుకు గోడౌన్‌లోనే ఉంటుంది.

రెండోది మొండిది. ఒంటి రూళ్ల నుంచి నాలుగు రూళ్లకు మారాలంటే మిషన్ ఆపి సరిచేసుకోవాలి. ఐదు వేలు చేసినా యాభై వేలు చేసినా ఆ మార్పుకు పట్టే సమయం ఒకటే. ఖర్చు సరుకుతో పాటు పెరగదు కాబట్టి ఇది లీనియర్ కాదు. ప్రతి రకాన్నీ ప్రతి నెలా కొంచెం కొంచెం చేయమని ప్రణాళిక చెబుతుంటే ఈ ఖర్చును మరిచిపోయామని అర్థం. హార్వీ వాగ్నర్, థామ్సన్ విటిన్ 1958లో ఒకే సరుకు విషయంలో దీనికి వేరే పద్ధతి చూపారు. రకాలు పెరిగితే ఈ నెల ఈ రకం చేస్తామా లేదా అన్నదాన్ని సున్నా, ఒకటి అంకెలుగా రాసే పూర్ణాంక లెక్కలకు వెళ్లాలి.

మూడోది అందరూ ముందుగా అడిగేది. మార్చిలో కూర్చుని జూన్ ఆర్డర్లు 1,50,000 అని ఎలా చెబుతాం? చెప్పలేం. అందుకే ఈ లెక్కను ఏడాదికొకసారి కాకుండా ప్రతి నెలాఖరుకూ మళ్లీ వేస్తారు. ఐదు నెలల ప్రణాళిక వచ్చినా అమలుచేసేది మొదటి నెలనే. మిగతావి ఆ మొదటి నెల నిర్ణయం సరిగ్గా రావడానికి వేసుకున్నవి. ఏప్రిల్ చివర 80 వేల నిల్వతో మళ్లీ కూర్చున్నామనుకోండి. జూన్ ఆర్డర్లు 1,20,000కు పడిపోయినా మేలో చేయాల్సింది 70 వేలే, ఓవర్‌టైమ్ వద్దు. 1,50,000 దగ్గరే ఉన్నా అంతే. 1,70,000కు పెరిగితే మాత్రం జూన్‌లో పూర్తి ఓవర్‌టైమ్ పెట్టినా చాలదు, మేలోనే 10 వేలు ఓవర్‌టైమ్‌లో చేసిపెట్టుకోవాలి. గీత 1,60,000 దగ్గర ఉంది. కాబట్టి మే మొదటి వారంలో బడులకు ఫోన్లు చేసేటప్పుడు జూన్ మొత్తం ఆ గీత దాటుతుందా లేదా అన్నది తేలేదాకా అడిగితే చాలు. సరైన అంకె మే చివర కనుక్కోవచ్చు.